రెన్యువల్‌కు ముందే లైసెన్సులు ఆపే ఈమెయిల్: నోటీసు వేరు, నిర్ధారణ వేరు

సంక్షిప్తంగా: ఏడాది ఒప్పందంపై తీసుకున్న సాఫ్ట్‌వేర్ ఇక వద్దనుకుంటే, ఆ మాట గడువుకు ముందే రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అందుకోసం రాసే ఈమెయిల్ రెండు పనులు చేస్తుంది. రెన్యువల్ వద్దని నోటీసు ఇవ్వడం మొదటిది. ఆ నోటీసు నమోదైందని అవతలివారి చేత రాయించుకోవడం రెండోది. నోటీసు సరైన చోటికి సమయానికి చేరితే చాలు, దానికి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు. నిర్ధారణ మాత్రం సాక్ష్యం. ఈ రెండింటినీ కలగలిపి రాసినప్పుడే చిక్కులు మొదలవుతాయి.

ఒక చిన్న టీమ్ ఉందనుకుందాం. పనుల జాబితాలు, గడువులు చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్‌కు 12 లైసెన్సులు తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి వాడేవాళ్లు తగ్గిపోయారు, వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలని నిర్ణయించుకున్నారు. జూన్ రెండో వారంలో టీమ్ లీడ్ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో తనకు పరిచయమున్న అకౌంట్ మేనేజర్‌కు ఒక మెయిల్ పెట్టారు: "ఈ నెలాఖరుకు మా సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేయండి. దయచేసి కన్ఫర్మ్ చేయగలరు." మర్యాదగా జవాబు వచ్చింది. జులై మొదటి వారంలో మరో ఏడాదికి ఇన్‌వాయిస్ కూడా వచ్చింది.

ఇందులో మోసం జరిగి ఉండాల్సిన అవసరం లేదు. ఆ రెండు వాక్యాల్లోనే నాలుగు లోపాలున్నాయి. తేదీ దాటిపోయింది, 'క్యాన్సిల్' అన్న మాట సరిపోదు, మెయిల్ వెళ్లిన మనిషి సరైన మనిషి కాదు, దేన్ని కన్ఫర్మ్ చేయాలో చెప్పలేదు.

## ఏమీ చేయకపోతే రెన్యువల్ అయిపోతుంది

వ్యాపార సాఫ్ట్‌వేర్ ఒప్పందాల్లో తరచుగా కనిపించే నిబంధన సారాంశం ఇది: ప్రస్తుత కాలం ముగియడానికి కనీసం 30 రోజుల ముందు ఇరుపక్షాల్లో ఎవరో ఒకరు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే, ఒప్పందం అంతే కాలానికి దానంతటదే పొడిగించబడుతుంది. ఆ 30 కొన్నిచోట్ల 60 అవుతుంది, కొన్నిచోట్ల 90. కొనేటప్పుడు సంతకం కావాలి, కొనసాగడానికి మౌనం చాలు. ఈ తేడాయే మొత్తం వ్యవహారానికి మూలం.

వెండర్ వైపు నుంచి దీనికి కారణం ఉంది. వచ్చే ఏడాది ఆదాయం ఎంతో ముందే లెక్క తేలాలి. వెళ్లిపోదామనుకునే కస్టమర్‌తో మాట్లాడి ఆపుకోవడానికి కొంత వ్యవధి కావాలి. అందుకే నోటీసు గడువు పెడతారు.

కస్టమర్‌కు కనిపించని భాగం మరొకటి ఉంది. రెన్యువల్ ఇన్‌వాయిస్‌ను చాలాచోట్ల మనుషులు కూర్చుని తయారు చేయరు. బిల్లింగ్ సిస్టమ్‌లో ప్రతి సబ్‌స్క్రిప్షన్‌కూ ఆటో రెన్యువల్ ఆన్ లేదా ఆఫ్ అనే ఒక గుర్తు ఉంటుంది. తేదీ రాగానే సిస్టమ్ ఆ గుర్తు చూసి బిల్లు పంపుతుంది. అకౌంట్ మేనేజర్ అమ్మకాల విభాగం మనిషి, ఆ గుర్తు మార్చేది బిల్లింగ్ విభాగం. మొదటివారికి చెప్పిన మాట రెండోవారికి చేరకపోతే సిస్టమ్‌కు ఆ మాట తెలియదు. రాతపూర్వక నిర్ధారణ అడగడానికి అసలు కారణం ఇదే. అవతలివారి మాట మీద అపనమ్మకంతో కాదు, ఆ గుర్తు మారిందో లేదో తెలుసుకోవడానికి.

## తేదీ లెక్క: ఒక్క రోజు తేడా

పై ఉదాహరణలో ఒప్పందం 1 జులై 2025న మొదలై 30 జూన్ 2026న ముగుస్తుందనుకుందాం. నోటీసు గడువు 'కాలం ముగియడానికి కనీసం 60 రోజుల ముందు'. అంటే 30 జూన్ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా రాస్తే సరిపోతుంది:

```
=DATE(2026,6,30)-60
```

జవాబు 1 మే 2026. రెన్యువల్ తేదీ జులై 1 కదా అని అక్కడి నుంచి లెక్కపెడితే మే 2 వస్తుంది, ఒక రోజు ఆలస్యం. అందుకే ఒప్పందంలో ఉన్నది 'ముగిసే తేదీ'నా, 'రెన్యువల్ తేదీ'నా అన్నది ముందు చూడాలి.

లెక్క ఇక్కడితో అయిపోదు. నోటీసు ఎప్పుడు అందినట్టు భావిస్తారో చెప్పే వాక్యం ఒకటి ఒప్పందంలో వేరుగా ఉంటుంది. ఈమెయిల్ పంపిన తర్వాతి పనిరోజున అందినట్టు లెక్క అని రాసే ఒప్పందాలు చాలా ఉన్నాయి. 1 మే 2026 శుక్రవారం. పైగా కార్మిక దినోత్సవం, చాలా దేశాల్లో సెలవు. ఏప్రిల్ 30 గురువారం మెయిల్ పంపితే, వెండర్ ఉన్నచోట శుక్రవారం సెలవైతే, తర్వాతి పనిరోజు మే 4 సోమవారం. పంపినవారు ఒకరోజు ముందే పంపామనుకుంటారు. ఒప్పందం ప్రకారం మాత్రం మూడు రోజులు ఆలస్యమైంది. వెండర్ వేరే దేశంలో ఉంటే రోజు మారే సమయం కూడా వేరు.

కాబట్టి లెక్కలో తేలిన తేదీని చిట్టచివరి గీతగా చూడాలి, మెయిల్ పంపే రోజుగా కాదు. ఈ ఉదాహరణలో ఏప్రిల్ మొదటి లేదా రెండో వారంలో పంపితే జవాబు రాకపోయినా మళ్లీ అడగడానికి వ్యవధి మిగులుతుంది. మరీ ముందు పంపినా సాధారణంగా నష్టం లేదు. అయితే కొన్ని ఒప్పందాలు నోటీసుకు ఒక కిటికీ పెడతాయి: ముగింపుకు 90 రోజులకంటే ముందు కాదు, 30 రోజులకంటే తక్కువ మిగిలాక కాదు అని. అలాంటిదేమైనా ఉందా అని ఒకసారి చదివి చూసుకోవాలి.

## 'క్యాన్సిల్' అంటే ఏది?

వాడుకలో క్యాన్సిల్ అన్నది ఒకే మాట. ఒప్పందంలో మాత్రం అది రెండు వేర్వేరు పనుల్లో ఏదైనా కావచ్చు. మొదటిది రెన్యువల్ వద్దనడం. ఇందులో కట్టిన డబ్బుకు మిగిలిన కాలం మొత్తం వాడుకోవచ్చు, గడువు రోజున ఆగిపోతుంది. రెండోది ఒప్పందాన్ని మధ్యలోనే రద్దు చేయడం. ఇందులో యాక్సెస్ వెంటనే పోవచ్చు, మిగిలిన నెలల డబ్బు సాధారణంగా వెనక్కి రాదు. కారణం లేకుండా మధ్యలో రద్దు చేసే హక్కు కస్టమర్‌కు అసలు ఇవ్వని ఒప్పందాలూ ఉన్నాయి.

ఏప్రిల్‌లో 'మా సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేయండి' అని రాస్తే, సపోర్ట్‌లో ఉన్నవారు దాన్ని అక్షరాలా తీసుకుని మర్నాడే ఖాతా మూసేయవచ్చు. టీమ్ ఫైళ్లు ఇంకా బయటికి తీసుకుని ఉండరు. లేదా 'మధ్యలో రద్దు కుదరదు' అని జవాబు రావచ్చు. ఆ జవాబు చూసి టీమ్ లీడ్ తన నోటీసునే తిరస్కరించారనుకుని ఊరుకుంటే రెన్యువల్ జరిగిపోతుంది. 'రెన్యువల్ చేయడం లేదు, 30 జూన్ 2026 వరకు వాడకం కొనసాగుతుంది' అన్న వాక్యానికి ఈ రెండు ప్రమాదాలూ లేవు.

ఇవి కాక, ఆపినట్టు అనిపించి ఆపని పనులు కొన్ని ఉన్నాయి. యూజర్లను ఖాతా నుంచి తీసేస్తే లైసెన్సులు ఖాళీ అవుతాయి గానీ తగ్గవు, బిల్లు 12కే వస్తుంది. కార్డు వివరాలు తొలగిస్తే చెల్లింపు విఫలమవుతుంది, ఒప్పందం మాత్రం రెన్యువల్ అవుతుంది, కట్టాల్సింది బాకీగా మిగులుతుంది. లాగిన్ కావడం మానేస్తే ఏమీ జరగదు.

## ఎవరు రాయాలి, ఎవరికి రాయాలి

ఒప్పందం చివరి పేజీల్లో నోటీసుల గురించి ఒక క్లాజు ఉంటుంది. నోటీసు ఏ చిరునామాకు రావాలి, ఈమెయిల్ సరిపోతుందా, కాగితంపైనే కావాలా అన్నది అక్కడ రాసి ఉంటుంది. సపోర్ట్ టికెట్‌గానీ, అకౌంట్ మేనేజర్‌కు మెయిల్‌గానీ ఆ క్లాజు ప్రకారం నోటీసు కాకపోవచ్చు. కాబట్టి 'టు'లో క్లాజులో ఉన్న చిరునామా ఉండాలి, అకౌంట్ మేనేజర్ 'సీసీ'లో ఉంటే చాలు. లైసెన్సులు రీసెల్లర్ ద్వారా కొని ఉంటే, ఒప్పందం రీసెల్లర్‌తోనే ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కంపెనీకి రాసిన ఉత్తరం పక్కింటి తలుపు తట్టినట్టే.

రాసేవారి అధికారం కూడా చిన్న విషయం కాదు. రోజూ వాడేది టీమ్ అయినా, ఆర్డర్ ఫారంపై సంతకం కొనుగోలు విభాగానిదో, యజమానిదో అయి ఉండవచ్చు. 'ఈ మార్పు ఖాతా ఓనర్ మాత్రమే అడగగలరు' అన్న జవాబు గడువుకు రెండు రోజుల ముందు వస్తే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. సంతకం చేసినవారిని సీసీలో పెట్టి, వారి చేత అదే మెయిల్ గొలుసులో 'ఇది మా కంపెనీ నిర్ణయమే' అని ఒక్క లైను రాయిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఆర్డర్లు ఎన్ని ఉన్నాయో చూడటం దీనికంటే ముఖ్యం. మన ఉదాహరణలో 12 లైసెన్సులూ ఒకేసారి కొనలేదు. జులైలో 9, నవంబరులో మనుషులు పెరిగినప్పుడు మరో 3. తర్వాత చేర్చిన లైసెన్సులు మొదటివాటితోపాటే ముగిసేలా చాలామంది వెండర్లు ఏర్పాటు చేస్తారు. కానీ రెండో ఆర్డర్ ఫారంలో '10 నవంబరు 2025 నుంచి 12 నెలలు' అని వేరే కాలం అచ్చై ఉంటే, ఆ 3 లైసెన్సులు 9 నవంబరు 2026 వరకు నడుస్తాయి. వాటి నోటీసుకు ఆఖరి తేదీ 10 సెప్టెంబరు. మొదటి ఆర్డర్ నంబరు మాత్రమే రాసిన మెయిల్ వల్ల 9 ఆగుతాయి, 3 మరో ఏడాదికి పొడిగించబడతాయి. ఒకే మెయిల్‌లో రెండింటికీ నోటీసు ఇవ్వవచ్చు, ఒక్కోదాని ముగింపు తేదీ విడిగా రాయాలి, అంతే.

## మెయిల్ ఎలా ఉంటుంది

పైవన్నీ కలిపితే మెయిల్ పొడుగ్గా ఏమీ అవదు:

> విషయం: రెన్యువల్ చేయడం లేదని నోటీసు: కస్టమర్ నంబరు …, ఆర్డర్లు రెండు
>
> బిల్లింగ్ విభాగం వారికి,
>
> మా ఒప్పందంలోని … క్లాజు కింద ఇది మా నోటీసు. కింది లైసెన్సులను మేము రెన్యువల్ చేయడం లేదు.
>
> ఆర్డర్ నంబరు …: 9 లైసెన్సులు, ముగింపు 30 జూన్ 2026.
> ఆర్డర్ నంబరు …: 3 లైసెన్సులు, ముగింపు 9 నవంబరు 2026.
>
> ఆయా తేదీల వరకు వాడకం యథాతథంగా కొనసాగాలి. ఇది మధ్యలో రద్దు చేయమన్న అభ్యర్థన కాదు.
>
> రెండు ఆర్డర్లకూ ఆటో రెన్యువల్ ఆపేశారనీ, ఆ తేదీల తర్వాత ఇన్‌వాయిస్ రాదనీ, మా డేటా ఏ తేదీ వరకు డౌన్‌లోడ్ చేసుకోవచ్చో తెలుపుతూ 17 ఏప్రిల్‌లోగా ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వగలరు. మీ జవాబు మా రికార్డు కోసం. నోటీసు ఈ మెయిల్ అందినప్పటి నుంచే అమల్లో ఉంటుంది.

కారణం రాయలేదు. నోటీసుకు కారణం అవసరం లేదు. 'ధర ఎక్కువైంది' అని రాస్తే తగ్గింపు ప్రతిపాదన వస్తుంది, 'వాడకం తగ్గింది' అంటే చిన్న ప్లాన్ వస్తుంది. అవి చెడ్డవి కావు గానీ, ఆ బేరం నడుస్తుండగా గడువు తేదీ దాటిపోవడం మామూలుగా జరిగే విషయం. బేరం ఆడాలనుకున్నా ముందు నోటీసు అందాక ఆడటం మంచిది.

'ఆపాలని ఆలోచిస్తున్నాం', 'ఆపడానికి ఏం చేయాలో చెప్పండి' వంటి మెత్తటి మాటలు కూడా ఇక్కడ పనికిరావు. మర్యాద కోసం వాడే ఆ మాటలు నోటీసును విచారణగా మార్చేస్తాయి.

## మెయిల్‌లో చివరి రెండు వాక్యాలు ఎందుకు

'మీరు నిర్ధారించాకే ఇది అమల్లోకి వచ్చినట్టు భావిస్తాం' అని రాస్తే జాగ్రత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి అది రాసినవారికే ఎదురు తిరిగే వాక్యం.

ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్ట సంఘం 1996లో ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి ఒక నమూనా చట్టం రూపొందించింది. చాలా దేశాలు దాని ఆధారంగా తమ చట్టాలు రాసుకున్నాయి. అందులోని 14వ అధికరణం అచ్చంగా ఈ విషయం గురించే మాట్లాడుతుంది. సందేశం పంపినవారు అందినట్టు జవాబు కావాలని షరతు పెడితే, ఆ జవాబు వచ్చేదాకా సందేశం అసలు పంపనట్టే లెక్క. షరతు పెట్టకుండా కేవలం జవాబు అడిగితే ఆ పరిస్థితి రాదు. జవాబు రాకపోతే గుర్తుచేసి, తగిన గడువు ఇచ్చి, తర్వాతి అడుగు వేసే వీలుంటుంది.

అంటే నిర్ధారణను షరతుగా పెట్టిన మెయిల్‌లో తాళంచెవి వెండర్ చేతికి వెళ్తుంది. వాళ్లు జవాబివ్వకుండా ఊరుకుంటే నోటీసే లేకుండా పోయిందని వాదించవచ్చు. 'మీ జవాబు మా రికార్డు కోసం' అన్న చిన్న వాక్యం ఆ తాళంచెవిని పంపినవారి దగ్గరే ఉంచుతుంది. ఏ దేశ చట్టం వర్తిస్తుందో ఒప్పందమే చెబుతుంది, వివరాలు దాన్నిబట్టి మారతాయి. ఈ వాక్యం మాత్రం ఎక్కడైనా హాని చేసేది కాదు.

## ఏ జవాబు నిర్ధారణ, ఏది కాదు

నిమిషంలో వచ్చే ఆటోమేటిక్ జవాబు, టికెట్ నంబరుతో సహా, పనికొచ్చేదే. అదే నమూనా చట్టం ప్రకారం యంత్రం పంపిన జవాబు కూడా సందేశం అందిందనడానికి ఆధారమే. అయితే అందిందని మాత్రమే అది చెబుతుంది, ఆటో రెన్యువల్ ఆగిందని కాదు.

'మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది', 'మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు', 'ఒక చిన్న కాల్ పెట్టుకుందామా' అన్న జవాబులు అసలు విషయాన్ని తాకవు. వీటికి కోపంగా రాయనక్కర్లేదు. అదే గొలుసులో 'కాల్ అవసరం లేదు, కింది మెయిల్‌లో అడిగిన విషయాలు రాతలో తెలపండి' అంటే చాలు. ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తే, కాల్ ముగిసిన వెంటనే ఎవరు ఏం చెప్పారో రాసి పంపాలి.

నిజమైన నిర్ధారణను గుర్తుపట్టడం తేలిక. అందులో ఆర్డర్ నంబరు ఉంటుంది, ముగింపు తేదీ ఉంటుంది, ఆటో రెన్యువల్ ఆపేశామన్న మాట ఉంటుంది. '12 లైసెన్సులు 30 జూన్‌న ముగుస్తాయి' అని వస్తే అదీ తప్పే, ఎందుకంటే వాటిలో 3 నవంబరువి. తమకు లాభంగా కనిపిస్తోందని ఆ తప్పును వదిలేస్తే, జులై 1న ముగ్గురికి లాగిన్ ఆగిపోవచ్చు. లేదా వెండర్ తర్వాత సరిచేసుకుని రెండో ఆర్డర్‌ను మళ్లీ ఆన్ చేయవచ్చు.

జవాబు వచ్చాక అడ్మిన్ పేజీ కూడా తెరిచి చూడాలి. సాఫ్ట్‌వేర్‌ను బట్టి అక్కడ `Auto-renew` అనో, `Recurring billing` అనో ఒక లైను ఉంటుంది, దాని పక్కన `Off` కనిపించాలి. ఇక మెయిల్‌ను స్క్రీన్‌షాట్‌గా కాక, అసలు ఫైలుగానే దాచాలి. ఎప్పుడు పంపారో, ఏ సర్వర్ల గుండా వెళ్లిందో చెప్పే హెడర్లు ఆ ఫైలులోనే ఉంటాయి. పంపిన కొద్ది నిమిషాల్లో మెయిల్ వెనక్కి తిరిగివచ్చిందేమో చూడటమూ మరిచిపోకూడదు. `550` కోడ్‌తో వెనక్కొచ్చిన మెయిల్ ఆ చిరునామాకు అందనట్టే, 'సెంట్' ఫోల్డర్‌లో భద్రంగా కనిపిస్తున్నా సరే.

## డేటా, గడువు దాటిన సందర్భం

ముగింపు తేదీ తర్వాత డేటా ఎన్నాళ్లు ఉంటుందన్నది ఒప్పందానికో తీరు. యూరోపియన్ యూనియన్‌లో 12 సెప్టెంబరు 2025 నుంచి వర్తిస్తున్న డేటా చట్టం, క్లౌడ్ సేవ మార్చుకునే కస్టమర్‌కు కనీసం 30 రోజులు డేటా తీసుకునే వ్యవధి ఇవ్వాలంటోంది. మారడానికి ఇవ్వాల్సిన నోటీసు కాలం 2 నెలలకు మించకూడదనీ చెబుతోంది. ఇలాంటి రక్షణ లేనిచోట ఖాతా మూసిన రోజే తలుపు మూసుకోవచ్చు. ముగింపుకు రెండు వారాల ముందే డౌన్‌లోడ్ చేసి, ఆ ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూడటం అవసరం. అటాచ్‌మెంట్లు, కామెంట్లు ఎగుమతిలో రాకపోవడం తరచుగా జరుగుతుంది.

గడువు దాటాక గుర్తొచ్చినా నోటీసు పంపాలి. లేదంటే వచ్చే ఏడాది కూడా ఇదే కథ. ఆలస్యమైన నోటీసు సాధారణంగా తర్వాతి కాలం చివర అమలవుతుంది. దాంతోపాటు మినహాయింపు అడగవచ్చు, లేదా లైసెన్సుల సంఖ్య తగ్గించమని అడగవచ్చు. కొన్ని కంపెనీలు రెన్యువల్ తర్వాత కూడా చిన్న కిటికీ తెరిచి ఉంచుతాయి. మైక్రోసాఫ్ట్ 2022లో తెచ్చిన కొత్త విక్రయ విధానంలో, రెన్యువలైన సబ్‌స్క్రిప్షన్‌ను మొదటి 7 రోజుల్లో రద్దు చేసుకునే వీలు పెట్టింది. ఆ తర్వాత ఏడాది ఒప్పందానికి కట్టుబడాల్సిందే. అలాంటి వీలుందా లేదా అన్నది జులై 1 ఉదయమే చూసుకోవాలి, ఇన్‌వాయిస్ చేతికొచ్చాక కాదు.